జూన్ 7న ఇస్తాను: ఆలస్యమైన బాకీకి ఒక ఉత్తరం

గుంటూరులో పచ్చళ్లు పెట్టి అమ్మే చిన్న వ్యాపారి ఒకరు ఉన్నారనుకుందాం. ఆవకాయ సీజను కోసం ఊళ్లోనే ఉన్న ఒక చిన్న యూనిట్ నుంచి ప్లాస్టిక్ జార్లు తెప్పించుకున్నారు. సరుకు విలువ 2,00,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 36,000, మొత్తం బిల్లు 2,36,000. ఏప్రిల్ 5న సరుకు, బిల్లు రెండూ వచ్చాయి. ముప్పై రోజుల గడువు మాట్లాడుకున్నారు కాబట్టి మే 5కి డబ్బు ఇవ్వాలి. ఏప్రిల్ చివరికొచ్చేసరికి గల్లాపెట్టె ఖాళీ. కాయలకు, కారానికి, నూనెకు రొక్కం పోసి కొన్నారు. 3,10,000 రావాల్సిన సూపర్‌మార్కెట్ పార్టీ ఇంకా ఇవ్వలేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒకటే, ఫోన్ ఎత్తకపోవడం. ఎత్తితే ‘చెక్కు పంపించామండీ’, ‘మా అకౌంటెంటు ఊళ్లో లేడండీ’, ‘బ్యాంకు సెలవండీ’. ఈ చివరి సాకుకు కాలం చెల్లింది. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి ఆదివారాలు, పండగలతో పనిలేకుండా రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. మిగతా సాకులూ నిలిచేవి కావు. జార్ల యజమాని రోజూ అదే బజారులో తిరిగే మనిషి. పచ్చళ్లాయన లారీ కాయలు దింపించుకున్న సంగతి ఆయనకు సాయంత్రానికల్లా తెలుస్తుంది. డబ్బు లేదన్నందుకు కాదు, కాయలకు ఉన్న డబ్బు తనకు లేదన్నందుకు ఆయన మనసు కష్టపడుతుంది. అందుకే ఆ కాయల సంగతే ఉత్తరంలో మొదట చెప్పాలంటాను.

ఆలస్యం అమ్మినవారిని ఎక్కడ కొడుతుందో కొన్నవారు చాలామంది గమనించరు. డబ్బు వచ్చినా రాకపోయినా, బిల్లు రాశాక అందులోని జీఎస్టీ ప్రభుత్వానికి కట్టాల్సింది అమ్మినవారే. నెలనెలా రిటర్ను వేసేవారైతే ఏప్రిల్ బిల్లు తాలూకు పన్ను మే 20లోగా కట్టాలి. అంటే తన చేతికి రాని 36,000 ఆయన జేబులోంచే తీసి కట్టాలి. ఇటు పచ్చళ్లాయన మాత్రం బాకీ తీర్చకముందే ఆ 36,000ను తన పన్నులో తగ్గించుకోవచ్చు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోపు డబ్బు చెల్లించకపోతేనే ఆ క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టాల్సి వస్తుంది. కాబట్టి పూర్తి డబ్బు లేకపోయినా, కనీసం పన్ను భాగమైనా మే 20కి ముందు పంపడం న్యాయం. క్షమాపణలో ఎన్ని మంచి మాటలు రాసినా ఈ పని వాటన్నిటికంటే బరువైనది.

ఇక తేదీ. సూపర్‌మార్కెట్ వాళ్లు మే 25న ఇస్తామన్నారు. పచ్చళ్లాయన దాన్నే పట్టుకుని ‘మే 26న ఇస్తాను’ అంటే, అది ఇంకొకరి మాటను తన మాటగా ఇవ్వడమే అవుతుంది. వాళ్లు వారం జరిపితే ఈయన మాట కూడా వారం జరుగుతుంది. రెండోసారి మాట తప్పిన మనిషికి మూడో తేదీ ఇచ్చే హక్కు మిగలదు. అందుకని ఆ 3,10,000ను పక్కన పెట్టి, తన చేతిలో ఉన్న రాబడితోనే లెక్క వేయాలి. సొంత కొట్లో అమ్మకం ఉంది. జీతాలు, నూనె ఖర్చు పోను వారానికి 40,000 మిగులుతోంది. ఇప్పుడు ఉన్నదంతా ఊడ్చితే 60,000 పంపగలరు. మిగిలేది 1,76,000. మే 3 నుంచి లెక్కపెడితే నాలుగు వారాలకు 1,60,000, చాలదు. ఐదో వారం పూర్తయ్యే జూన్ 7కి 2,00,000, సరిపోయి ఇంకో 24,000 చేతిలో ఉంటుంది. ఆ తేదీయే గట్టి తేదీ. సూపర్‌మార్కెట్ డబ్బు ముందే వస్తే ఈయన కూడా ముందే ఇస్తారు, అది అదనపు సంతోషం. ‘జూన్ మొదటి వారంలో’ అని మాత్రం రాయకూడదు. అమ్మినవారు కూడా తన ముడిసరుకు పార్టీకి ఒక తేదీ చెప్పుకోవాలి కదా, ఆయనకు వారం కాదు, రోజు కావాలి.

ఉత్తరం గడువు దాటాక కాదు, గడువుకు ముందే వెళ్లాలి. మే 3న ఇలా రాస్తే చాలు:

“అయ్యా, నమస్కారం. ఏప్రిల్ 5 నాటి జార్ల బిల్లు 2,36,000 ఎల్లుండికి ఇవ్వాలి. పూర్తిగా ఇవ్వలేకపోతున్నాను, క్షమించండి. సీజను కాయలకు రొక్కం పెట్టేశాను, నాకు రావాల్సిన ఒక పెద్ద మొత్తం ఆగిపోయింది. మీకు ఇవ్వాల్సింది తీసి పక్కన పెట్టకుండా కాయలు కొనడం నా తప్పే. ఈ రోజు 60,000 మీ ఖాతాకు పంపాను, యూటీఆర్ నంబరు కింద రాశాను. మీరు కట్టాల్సిన జీఎస్టీ అందులో వచ్చేస్తుంది. మిగిలిన 1,76,000 జూన్ 7న పంపుతాను. ఇది నా కొట్టు రాబడి మీద వేసుకున్న లెక్క, ఇంకొకరు ఇస్తే ఇచ్చేది కాదు. ఆలస్యానికి మీరు వడ్డీ వేసినా సమ్మతమే.”

ఈ ఉత్తరంలో రోగాలు, పెళ్లిళ్లు, దేవుడి మీద ఒట్లు లేవు. కారణం రెండు వాక్యాల్లో ముగిసింది. కారణం ఎంత పొడుగైతే అంత అనుమానం వస్తుంది.

వడ్డీ మాట ఊరికే మర్యాదకు రాసింది కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు ఒప్పుకున్న గడువులోగా డబ్బు ఇవ్వాలి. ఎంత ఒప్పుకున్నా ఆ గడువు 45 రోజులు మించకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే ఏడాదికి 18 శాతం పడుతుంది. మన లెక్కలో 1,76,000కు 33 రోజుల ఆలస్యానికి అది మూడు వేలకు కాస్త తక్కువ. అమ్మినవారు మొహమాటానికి అడగకపోవచ్చు. అయినా ఎంత నిజాయతీగా రాసినా, ఉత్తరం ఆ హక్కును తీసేయదు.

రాసి ఇస్తే ఇరుక్కుపోతామని భయపడేవాళ్లు ఉన్నారు. ఆ భయంలో కొంత నిజం ఉంది. బాకీ ఉన్నట్టు సంతకంతో ఒప్పుకుంటే, దావా వేయడానికి ఉండే మూడేళ్ల గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది, పాత గడువు ముగియకముందు రాసిందైతే. నా దృష్టిలో ఆ ఉత్తరానికి విలువ వచ్చేదీ అందుకే. ఎగ్గొట్టే ఉద్దేశం ఉన్నవాడు ఆ కాగితం ఇవ్వడు. అవతలివారికి ఫోనులో వంద ‘తప్పకుండా’ల కంటే ఆ సంతకమే నమ్మకం.

లెక్క సరిగా వేసినా ఒక్కోసారి తప్పుతుంది. మే నడిమధ్య వానలు పడి కొట్లో అమ్మకం వారానికి 25,000కు పడిపోయిందనుకుందాం. అది జూన్ 7 దాకా దాచిపెట్టే సంగతి కాదు. పోగైనది అప్పటికప్పుడు పంపేసి, తగ్గే మొత్తం ఎంతో, దాన్ని ఎక్కణ్నుంచి తెస్తున్నారో ఆ వారమే చెప్పాలి. అంతా అనుకున్నట్టే జరిగితే జూన్ 7 పొద్దున్నే డబ్బు పంపి, అడగకముందే యూటీఆర్ నంబరు పంపాలి.

తర్వాత మిగిలేది వచ్చే ఏడాది ఆర్డరు. సీజనులో డబ్బు ఇరుకవుతుందని ఇప్పుడు తెలిసింది కాబట్టి, మార్చిలో జార్లు చెప్పేటప్పుడే గడువు 45 రోజులని కాగితం మీద రాయించుకోవాలి. దానికి బదులుగా పన్ను భాగం సరుకు దిగిన రోజే ఇస్తామంటే, ఆ షరతుకు ఒప్పుకోని అమ్మకందారు అరుదు.