కుళాయి కట్టేసి చూస్తే: ఒక ప్రోటీన్ ఆయుష్షు లెక్క

మన కణాల్లో పి53 అనే ప్రోటీన్ ఉంటుంది. దీన్ని 1979లో గుర్తించారు. డీఎన్ఏ దెబ్బతిన్న కణం విభజన చెందకుండా ఆపడం, మరమ్మతుకు వీల్లేనంతగా పాడైతే ఆ కణాన్ని చావు దారి పట్టించడం దీని పని. ఆరోగ్యంగా ఉన్న కణంలో పి53 చాలా కొద్దిగా కనిపిస్తుంది. అదే కణానికి రేడియేషన్ తగిలితే రెండు మూడు గంటల్లోనే ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఎందుకు పెరిగింది? కణం పి53ని ఎక్కువగా తయారు చేయడం మొదలుపెట్టి ఉండొచ్చు. లేదా తయారీ మునుపటిలాగే ఉండి, నాశనం నెమ్మదించి ఉండొచ్చు. ఒక్కసారి కణాలను పగలగొట్టి పి53 ఎంత ఉందో కొలిస్తే ఈ రెండింటిలో ఏది జరిగిందో తేలదు. కుళాయి నుంచి నీళ్లు పడుతూ, అడుగున తూము నుంచి కారిపోతున్న తొట్టిలో నీటి మట్టం పెరిగితే, కారణం కుళాయో తూమో మట్టాన్ని చూసి చెప్పలేం. కుళాయి కట్టేసి, మట్టం ఎంత వేగంగా దిగుతోందో చూడాలి. సైక్లోహెక్సిమైడ్ చేజ్ ప్రయోగంలో చేసేది ఇదే.

సైక్లోహెక్సిమైడ్ మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ గ్రిసియస్ అనే బాక్టీరియా తయారుచేసే పదార్థం. క్షయవ్యాధి మందు స్ట్రెప్టోమైసిన్ కూడా ఈ జీవి నుంచి వచ్చిందే. కణంలో ప్రోటీన్లను అల్లే యంత్రాలు రైబోజోములు. అవి సందేశ ఆర్ఎన్ఏ మీద ఒక్కో మెట్టు కదులుతూ అమైనో ఆమ్లాలను కలుపుకుంటూ పోతాయి. సైక్లోహెక్సిమైడ్ రైబోజోము పెద్ద భాగంలోని ఒక గాడిలో కూర్చుని, ఆ కదలికను ఆపేస్తుంది. రైబోజోము ఉన్నచోటే నిలిచిపోతుంది, కొత్త ప్రోటీన్ రాదు. మనిషి కణాల్లోనూ ఈస్ట్ కణాల్లోనూ ఇది పనిచేస్తుంది, బాక్టీరియా రైబోజోముల మీద పనిచేయదు. తయారీని ఇంత గట్టిగా ఆపే పదార్థం మనిషికీ విషమే. అందుకే చేతి తొడుగులు లేకుండా దీన్ని ముట్టుకోరు.

ప్రయోగానికి యూ2ఓఎస్ అనే ఎముక కేన్సర్ కణాలను తీసుకుందాం. వీటిలో పి53 జన్యువు మార్పులేమీ లేకుండా ఉంటుంది. ఒకే సంఖ్యలో కణాలు వేసిన ఏడు పళ్లాలను సిద్ధం చేస్తారు. సైక్లోహెక్సిమైడ్‌ను డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగించి, కణాలు పెరిగే ద్రవంలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల చొప్పున కలుపుతారు. సున్నా నిమిషాల పళ్లెంలో మందు వేయరు, అంతే పరిమాణంలో ఖాళీ డీఎంఎస్ఓ మాత్రం వేస్తారు. మిగతా వాటిని 10, 20, 30, 45, 60, 90 నిమిషాలు మందులో ఉంచాలి.

ఇక్కడ ఒక చిన్న ఏర్పాటు ప్రయోగాన్ని నిలబెడుతుంది. అన్ని పళ్లాల్లో ఒకేసారి మందు వేసి ఒక్కోటీ తీసుకుంటూ పోతే, మొదట తీసిన కణాలు చివరివాటి కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాయి. అందుకని వెనక నుంచి మొదలుపెడతారు. ముందు 90 నిమిషాల పళ్లెంలో మందు వేస్తారు, అరగంట తర్వాత 60 నిమిషాల దానిలో, మరో పావుగంటకు 45 నిమిషాల దానిలో. ఇలా వేసుకుంటూ వస్తే అన్నిటి గడువూ ఒకే క్షణంలో ముగుస్తుంది. వెంటనే అన్నీ ఐసు మీదికి వెళతాయి. చల్లని ఉప్పు ద్రావణంతో కడిగి, ప్రోటీన్లను కోసే ఎంజైములను అడ్డుకునే మందులు కలిపిన ద్రావణంలో కణాలను పగలగొడతారు. పి53 ఆయుష్షే నిమిషాల్లో ఉంటుంది కాబట్టి, ఐసు మీద పెట్టడంలో మూడు నిమిషాల ఆలస్యమైనా లెక్కలో కనిపిస్తుంది.

తర్వాతది వెస్టర్న్ బ్లాట్. ప్రతి నమూనాలో మొత్తం ప్రోటీన్ ఎంతుందో కొలిచి, అన్నిటి నుంచీ సమానంగా, మామూలుగా 20 నుంచి 30 మైక్రోగ్రాములు, జెల్ మీద ఎక్కిస్తారు. కరెంటు పెట్టినప్పుడు ప్రోటీన్లు పరిమాణాన్ని బట్టి విడిపోతాయి. వాటిని పలుచని పొర మీదికి దింపి, పి53ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీతో తడిపితే ఒక్కో వరుసలో ఒక్కో నల్లని బ్యాండ్ వస్తుంది. ఎడమ నుంచి కుడికి ఆ బ్యాండ్ పలచబడుతూ పోతుంది. అదే పొర మీద ఆక్టిన్‌ను కూడా చూస్తారు. ఆక్టిన్ రోజుల తరబడి నిలిచే ప్రోటీన్ కాబట్టి ఈ గంటన్నరలో తగ్గకూడదు. ఒక వరుసలో నమూనా కాస్త తక్కువ పడితే ఆ లోటు ఆక్టిన్‌లోనూ కనిపిస్తుంది. అందుకే పి53 బ్యాండ్ తీవ్రతను ఆక్టిన్ తీవ్రతతో భాగించి, సున్నా నిమిషాల విలువను 100గా పెట్టుకుంటారు.

ఒక మోసం ఇక్కడ పొంచి ఉంటుంది. ఫొటో మరీ ఎక్కువసేపు తీస్తే మొదటి బ్యాండ్లు పూర్తిగా నలుపెక్కిపోతాయి. నిజానికి 100, 73 ఉన్న రెండు బ్యాండ్లూ ఒకేలా కనిపిస్తాయి. ప్రోటీన్ మొదట్లో తగ్గనట్టు, దాని ఆయుష్షు ఎక్కువైనట్టు భ్రమ కలుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి సున్నా నిమిషాల నమూనానే సగం, పావు మోతాదుల్లో పక్కన ఎక్కిస్తారు. కొలత కూడా సగం, పావు రావాలి. రాకపోతే ఆ ఫొటోతో లెక్క వేయకూడదు.

సరిగా తీసిన బ్లాట్ నుంచి ఇలాంటి అంకెలు వచ్చాయనుకుందాం: 0 నిమిషాలకు 100, 10కి 73, 20కి 52, 30కి 36, 45కి 24, 60కి 15, 90కి 9. కాలాన్ని అడ్డంగా, మిగిలిన శాతాన్ని నిలువుగా పెట్టి గీస్తే, మొదట నిటారుగా దిగి క్రమంగా చదునయ్యే వంపు వస్తుంది. ప్రతి నిమిషానికీ ఇన్ని అణువులని కాకుండా, ఉన్నవాటిలో ఒకే నిష్పత్తి నాశనమవుతూ ఉంటే వచ్చే వంపు ఇది. దాని సూత్రం ఇంతే:

N(t) = 100 · e^(−kt)

ఇందులో k నాశన వేగం. ఉన్నది సగానికి తగ్గడానికి పట్టే కాలమే అర్ధాయువు, అది 0.693 ÷ k. ప్రతి శాతాన్నీ 100తో భాగించి సహజ సంవర్గమానం తీస్తే వంపు సరళరేఖ అవుతుంది, దాని వాలే k. మొదటి ఆరు బిందువులతో గీత గీస్తే వాలు నిమిషానికి 0.0317 వస్తుంది. అంటే అర్ధాయువు సుమారు 22 నిమిషాలు. మామూలు పి53కి 20 నిమిషాలకు అటూ ఇటూగా చెప్పే విలువకు ఇది దగ్గరగానే ఉంది.

ఏడో బిందువును కూడా కలిపితే వాలు 0.0275కి పడిపోయి, అర్ధాయువు 25 నిమిషాలు దాటుతుంది. ఒక్క బిందువుకు అంత బలం ఎందుకు? మొదటి ఆరూ చెప్పిన వేగంతో తగ్గి ఉంటే 90 నిమిషాలకు 6 కూడా మిగలకూడదు, వచ్చింది 9. తేడా మూడే. కానీ సంవర్గమానం తీసినప్పుడు చిన్న అంకెల్లోని చిన్న తేడాలు పెద్దవైపోతాయి. పైగా ఆ బిందువు గీత చివరన ఉండి దాన్ని పైకి లాగుతుంది. సంవర్గమానం తీయకుండా, ఏడు బిందువుల మీదా నేరుగా ఆ ఘాతీయ వంపునే కంప్యూటరుతో అమరిస్తే అర్ధాయువు సుమారు 21.5 నిమిషాలు వస్తుంది. ఎందుకంటే ఇక్కడ లెక్క స్పష్టమైన పెద్ద బ్యాండ్ల మాట ఎక్కువగా వింటుంది. అందుకే నేరుగా వంపును అమర్చడమే మేలు. సంవర్గమాన గ్రాఫు మాత్రం పక్కన తప్పక గీయాలి, గీత ఎక్కడ వంగుతోందో కంటికి చూపేది అదే.

వంగింది కాబట్టి కారణం వెతకాలి. రెండు అవకాశాలున్నాయి. ఒకటి, ఆ 9లో కొంత అసలు పి53 కాదు, పొర మీద మిగిలిన మసక. దీన్ని తేల్చడానికి పి53 జన్యువే లేని సావోస్-2 ఎముక కేన్సర్ కణాల నమూనాను ఒక వరుసలో పెడతారు. ఆ వరుసలో అదే చోట 3 కనిపిస్తే అది మసకే, అన్ని వరుసల నుంచీ తీసేయాలి.

సావోస్-2 వరుస శుభ్రంగా ఉంటే రెండో అవకాశం మిగులుతుంది. అది ఈ పద్ధతి సహజ పరిమితిని చూపిస్తుంది. పి53ని నాశనానికి పంపేది ఎండిఎం2 అనే మరో ప్రోటీన్. అది పి53కి యుబిక్విటిన్ గుర్తులు తగిలిస్తుంది, ఆ గుర్తులున్న ప్రోటీన్లను ప్రోటియసోమ్ అనే యంత్రం ముక్కలు చేస్తుంది. ఎండిఎం2 కూడా నిమిషాల్లోనే కరిగిపోయే అల్పాయుష్షు ప్రోటీన్. సైక్లోహెక్సిమైడ్ అన్ని ప్రోటీన్ల తయారీనీ ఆపుతుంది కాబట్టి ఎండిఎం2 కూడా కొత్తగా రాదు. సమయం గడిచేకొద్దీ పి53ని నాశనం చేసే చెయ్యే బలహీనమవుతుంది, మిగిలిన పి53 కాస్త ఎక్కువసేపు బతుకుతుంది. మనం కొలుస్తున్న వేగాన్ని మనం వేసిన మందే మార్చేస్తోందన్నమాట. అందువల్ల ఈ ప్రయోగంలో మొదటి రెండు అర్ధాయువుల కాలంలో వచ్చిన బిందువులే ఎక్కువ నమ్మదగినవి. వాటిని దగ్గరదగ్గరగా తీసుకోవాలి.

రోజుల తరబడి నిలిచే ప్రోటీన్లకు ఈ పద్ధతి పనికిరాకపోవడానికి కారణమూ ఇదే. చాలా గంటలు కొత్త ప్రోటీన్ లేకపోతే కణాలను బతికించే అల్పాయుష్షు ప్రోటీన్లు అయిపోయి కణాలే చనిపోతాయి. అప్పుడు కొలిచేది ప్రోటీన్ ఆయుష్షు కాదు, కణం చావు. అలాంటి వాటికి తయారీని ఆపకుండా, కొద్దిసేపు గుర్తు ఉన్న అమైనో ఆమ్లాలను అందించి, ఆ గుర్తు ఎలా తగ్గుతుందో చూసే పద్ధతులు వాడతారు.

బ్యాండ్ అసలు తగ్గకపోయినా వెంటనే ఆయుష్షు ఎక్కువని రాసేయకూడదు. మందు పాతబడి పనిచేయకపోయి ఉండొచ్చు. అదే నమూనాల్లో మిక్ లాంటి, అరగంటలోపే సగమయ్యే ప్రోటీన్‌ను కూడా చూడాలి. మిక్ కూడా నిలిచి ఉంటే కుళాయి కట్టలేదని అర్థం. మిక్ తగ్గి పి53 నిలిస్తేనే ఆ నిలకడ నిజం. ప్రోటియసోమ్‌ను అడ్డుకునే ఎంజి132ను కూడా కలిపిన పళ్లెంలో పి53 తగ్గడం ఆగితే, అది ఏ దారిన నాశనమవుతోందో కూడా తెలుస్తుంది.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రేడియేషన్ తగలని కణాల మీదా, తగిలిన కణాల మీదా ఈ ప్రయోగాన్ని పక్కపక్కనే చేయాలి. దెబ్బతిన్న కణాల్లో పి53 గీత చాలా చదునుగా దిగుతుంది. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు కణంలోని ఎంజైములు పి53కి, ఎండిఎం2కి ఫాస్ఫేట్లు తగిలిస్తాయి, ఎండిఎం2 పట్టు సడలుతుంది, నాశనం నెమ్మదిస్తుంది. పి53 పెరగడానికి ప్రధాన కారణం ఇదే. పి53 జన్యువు మారిపోయిన చాలా కేన్సర్ కణాల్లో కూడా ఆ ప్రోటీన్ గంటల తరబడి నిలిచి, గుట్టగా పేరుకుంటుంది. అయితే 22, 25 నిమిషాల మధ్య తేడాను బట్టి ఒక మందు పనిచేసిందని ఎవరైనా చెబితే ఒప్పుకోనక్కర్లేదు. ఒక్క బిందువును ఉంచడం, తీసేయడంతోనే అంత తేడా వస్తుందని ఇప్పుడే చూశాం. వేర్వేరు రోజుల్లో పెంచిన కణాలతో కనీసం మూడుసార్లు చేసి, ప్రతిసారీ విడిగా k లెక్కగట్టి, ఆ విలువల మధ్య ఉన్న వ్యత్యాసం కన్నా తేడా పెద్దదైనప్పుడే ప్రోటీన్ ఆయుష్షు మారిందని చెప్పాలి.