ఒక్కొక్కటే కనే ఈగ

ఉగాండా వాయవ్య మూలన వాగుల వెంబడి నడిస్తే, గట్టు మీద నేలలో పాతిన పుల్లకు కట్టిన చిన్న నీలం గుడ్డ ఒకటి కనిపిస్తుంది. పావు మీటరు పొడవు, పావు మీటరు వెడల్పు. దాని పక్కనే అంతే కొలతలో సన్నటి నల్లటి వల. ఎవరో చేతిరుమాలు ఆరేసి మరిచిపోయారేమో అనుకుంటాం. అది సెట్సీ ఈగ కోసం పెట్టిన ఎర. గుడ్డకూ వలకూ డెల్టామెత్రిన్ అనే పురుగుమందు పట్టించి ఉంటుంది. నీలం రంగు ఈగను దూరం నుంచే లాగుతుంది. దగ్గరికొచ్చిన ఈగ కొన్నిసార్లు గుడ్డ మీద వాలుతుంది, కొన్నిసార్లు చుట్టూ తిరుగుతూ కంటికి ఆనని వలకు కొట్టుకుంటుంది. ఆ కాస్త తాకిడి చాలు, చస్తుంది.

సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధిని మనుషులకూ, నగానా అనే జబ్బును పశువులకూ అంటించేది ఈ ఈగే. ఆడదీ మగదీ రెండూ నెత్తురే తాగుతాయి. మన దేశంలో ఈ ఈగ లేదు. మన పశువులకు వచ్చే సర్రా జబ్బు క్రిమి దాని క్రిములకు దగ్గరి చుట్టమే కానీ, ఇక్కడ దాన్ని మోసేవి జోరీగలు.

ఇంత చిన్న గుడ్డముక్క ఒక ఈగ జాతిని ఎలా తగ్గించగలదు? జవాబు ఆ ఈగ కాన్పులో ఉంది.

ఇంట్లో తిరిగే ఈగ వందల గుడ్లు పెడుతుంది. సెట్సీ ఈగకు ఒకసారికి ఒకటే గుడ్డు, అదీ బయటికి రాదు. తల్లి గర్భంలోనే పొదిగి, పురుగై, అక్కడే పెరుగుతుంది. దానికి ఆహారం పాలు. మాట వరసకు కాదు, కొవ్వూ మాంసకృత్తులూ ఉన్న పాలే. తల్లి ఒంట్లోని ప్రత్యేక గ్రంథి నుంచి ఊరతాయి. తల్లి తాగిన నెత్తురంతా దాదాపు ఇందుకే ఖర్చవుతుంది. సరిగా మేత దొరకకపోతే గర్భం పోతుంది. తొమ్మిది పది రోజులకు, ఇంచుమించు తల్లంత బరువున్న పాలిపోయిన పురుగు వెనక భాగం ముందుగా బయటికొస్తుంది. నీడలో, వదులు మట్టి ఉన్న చోటు చూసుకుని తల్లి కంటుంది. పురుగు వెంటనే మట్టిలోకి దూరి, కొద్దిసేపట్లోనే తన చర్మాన్ని గట్టి నల్లటి పెంకుగా మార్చుకుంటుంది. ఇక నోట ముద్ద లేదు. నెల రోజుల పాటు తల్లి పాలు ఇచ్చిన కొవ్వుతోనే లోపల ఈగగా మారుతుంది.

తల్లి ఈగకు పుట్టిన పద్దెనిమిది, ఇరవై రోజులకు గానీ తొలి కాన్పు రాదు. ఇక్కడ చిన్న లెక్క వేసి చూడండి. ఒకేరోజు వంద ఆడ ఈగలు పెంకు పగలగొట్టుకుని వచ్చాయనుకుందాం. ఎరలు రోజుకు నూటికి నాలుగు చొప్పున చంపుతున్నాయి. పద్దెనిమిదో రోజుకు 48 మిగులుతాయి, అవి తలా ఒకటి కంటాయి. ఇరవై ఎనిమిదో రోజుకు 32, ముప్పై ఎనిమిదో రోజుకు 21. ఇలా చివరిదాకా కూడితే మొత్తం 143 పిల్లలు. వాటిలో సగమే ఆడవి, అంటే డెబ్బై చిల్లర. వంద మంది తల్లుల చోట డెబ్బై మంది కూతుళ్లు! చీమలూ పక్షులూ ఆకలీ ఒక్కదాన్నీ చంపలేదనుకున్నా ఇంతే. రోజుకు నాలుగు శాతమంటే మామూలు ఈగలకు లెక్కే కాదు.

గుడ్డ అంత చిన్నదెందుకన్నది మరో కథ. జింబాబ్వేలో జాంబేజీ లోయ పొద ప్రాంతాల్లో తిరిగే సెట్సీ జాతులు పశువుల వాసనను పసిగట్టి వస్తాయి. అక్కడ అసిటోన్, ఆక్టెనాల్ సీసాలు తగిలించిన పెద్ద ఎరలను చదరపు కిలోమీటరుకు నాలుగు పెడితే సరిపోయింది. వాగుల వెంట బతికే జాతులకు వాసన పెద్దగా పట్టదు, చూపే దారి. పరీక్షల్లో తేలిందేమిటంటే, చదరపు మీటరు లెక్కన చూస్తే చిన్న గుడ్డలే ఎక్కువ ఈగలను చంపాయి. చిన్నవి కాబట్టి చవక, మోయడం తేలిక. ఉగాండాలో 2011లో మొదలైన ప్రయోగంలో వాగు పొడవునా ఇవి పెట్టిన ప్రాంతాల్లో ఈగలు తొంభై శాతానికి పైగా తగ్గాయి.

అలాగని పెట్టేసి మరిచిపోయే పని కాదు. వరదకు కొట్టుకుపోతాయి, పొదలు పెరిగి కప్పేస్తాయి, ఎండకూ వానకూ మందు జారిపోతుంది. అందుకే ఆరు నెలలకోసారి కొత్తవి వేయాలి. పైగా ఎర పెట్టిన మర్నాటి నుంచే ఈగలు మాయం కావు. మట్టిలోని పెంకులకు మందు తగలదు కదా, ఇంకో నెల దాకా కొత్త ఈగలు వస్తూనే ఉంటాయి.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి పక్కనే వల బోనులు పెడతారు. బోనులో పడ్డ ఈగలను లెక్కపెట్టడం సగం పనే. మిగతా సగం ఆడ ఈగ పొట్ట చీల్చి సూక్ష్మదర్శిని కింద చూడటం. దాని అండాశయాల్లో గుడ్డు తయారయ్యే గొట్టాలు నాలుగే. అవి ఒక క్రమంలో, వంతులవారీగా గుడ్డు విడుస్తాయి. ఏ వంతు నడుస్తోందో చూసి, ఎన్ని గుడ్లు విడిచిందో, వయసు ఎంతో చెప్పేస్తారు. దొరికినవన్నీ లేత ఈగలే అయితే గుడ్డలు పని చేస్తున్నట్టు. వాటి మధ్య అయిదారు కాన్పులు దాటిన ముసలిది కనిపించిందంటే, సిబ్బంది వాగు వెంట ఎగువకు బయల్దేరతారు: ఎక్కడో ఎర కూలిపోయి ఉండాలి, లేదా గుడ్డలు వేయని పక్క వాగు నుంచి ఈగ ఎగిరొచ్చి ఉండాలి.