సిలికేట్ ఖనిజాల నిర్మాణం

సిలికాన్, ఆక్సిజన్ మూలకాల కలయికతో ఏర్పడే చతుర్ముఖి ఆకారపు సముదాయాలు ప్రధాన భాగంగా గల ఖనిజాలను సిలికేట్ ఖనిజాలు అంటారు. భూపటలంలో దాదాపు 90 శాతం ఈ ఖనిజాలే. కొండరాయి, ఏటి ఇసుక, కుండలు చేసే బంకమట్టి, పొరలు పొరలుగా లేచివచ్చే అభ్రకం, ఉంగరంలో పొదిగే మరకతం అన్నీ ఈ కోవలోనివే. వీటి రూపంలోనూ, గట్టిదనంలోనూ, పగిలే తీరులోనూ పోలికే కనబడదు. అయినా వీటన్నిటిలోనూ ఉన్న ఇటుక ఒక్కటే. ఇటుకను ఇటుకతో కలిపిన పద్ధతిలోనే తేడా ఉన్నది.

చతుర్ముఖి

మూడు నిమ్మకాయలను ఒకదానికొకటి తగిలేటట్లు బల్లమీద పెట్టి, వాటి నడుమ పల్లంలో నాలుగవ నిమ్మకాయను నిలబెడితే లోపల చిన్న ఖాళీ మిగులుతుంది. నిమ్మకాయలు ఆక్సిజన్ అయాన్లు అనుకుంటే, ఆ ఖాళీలో ఇమిడే చిన్న గింజ సిలికాన్. నాలుగు ఆక్సిజన్ల కేంద్రాలను గీతలతో కలిపితే నాలుగు త్రిభుజ ముఖాలు గల ఆకారం వస్తుంది. ఇదే చతుర్ముఖి. సిలికాన్ నుండి ప్రతి ఆక్సిజన్‌కు గల దూరం సుమారు 1.6 ఆంగ్‌స్ట్రామ్‌లు.

సిలికాన్ ఆవేశం +4, ఒక్కొక్క ఆక్సిజన్ ఆవేశం −2. కనుక SiO₄ సముదాయం మీద −4 ఆవేశం మిగులుతుంది. దీనినే మరొక విధంగా చెప్పవచ్చు. సిలికాన్ తన నాలుగు పాళ్ళ ఆవేశాన్ని నాలుగు ఆక్సిజన్లకు సమంగా పంచుతుంది. ఒక్కొక్క ఆక్సిజన్‌కు రెండు పాళ్ళు కావాలి గాని దక్కినది ఒక్కటే. మిగిలిన పాలును మెగ్నీషియం, ఇనుము, కాల్షియం వంటి లోహ అయాన్ల నుండి పొందవచ్చు, లేదా రెండవ సిలికాన్‌ను పట్టుకుని పొందవచ్చు. రెండవ మార్గంలో ఆ ఆక్సిజన్ ఇరుగుపొరుగు చతుర్ముఖులకు ఉమ్మడి మూల అవుతుంది. దీనిని వారధి ఆక్సిజన్ అనవచ్చు.

చతుర్ముఖులు మూలల దగ్గరే కలుస్తాయి. అంచులను గాని ముఖాలను గాని పంచుకుంటే రెండు సిలికాన్లు మరీ దగ్గరకు వచ్చి, వాటి ధనావేశాలు ఒకదానినొకటి తోసివేస్తాయి. అయానిక స్ఫటికాలలో ఇటువంటి కలయిక నిర్మాణాన్ని బలహీనపరుస్తుందని లైనస్ పౌలింగ్ 1929లో ప్రకటించిన నియమాలలో ఒకటి చెబుతుంది.

మూలలను లెక్కించే పద్ధతి

ఒక చతుర్ముఖి తన నాలుగు మూలలలో ఎన్నింటిని పొరుగువాటితో పంచుకున్నదో ఆ సంఖ్యను n అనుకుందాం. పంచుకున్న ప్రతి ఆక్సిజన్‌లో దీనికి సగమే వాటా. కాబట్టి ఒక సిలికాన్‌కు వచ్చే ఆక్సిజన్ల సంఖ్య 4 − n/2 అవుతుంది. ప్రతి సిలికాన్‌కు మిగిలే ఋణావేశం 4 − n. ఈ రెండు లెక్కలు తెలిస్తే సిలికేట్ల వర్గీకరణలో ఎక్కువ భాగం తెలిసినట్లే.

ఏ మూలనూ పంచుకోకపోతే (n = 0) చతుర్ముఖులు ఒంటరిగా ఉండి లోహ అయాన్ల వలన మాత్రమే కలిసి ఉంటాయి. ఆలివీన్, జిర్కాన్, గార్నెట్ ఇటువంటివి. తూర్పు తీరపు ఇసుకలో కనబడే ఎర్రని రేణువులలో చాలావరకు గార్నెట్లే. ఒక్క మూలను పంచుకుంటే Si₂O₇ అనే జంట ఏర్పడుతుంది. ఈ కుటుంబం చిన్నది. రెండేసి మూలలను పంచుకుంటే రెండు దారులున్నాయి. చతుర్ముఖులు గుండ్రంగా తిరిగి మొదటిదానిని కలుసుకుంటే వలయం, కలుసుకోకుండా సాగిపోతే గొలుసు. ఆరు చతుర్ముఖుల వలయాలు ఒకదానిపై ఒకటి పేర్చబడిన ఖనిజం బెరిల్. మరకతం దీనిలో ఒక రకం. బెరిల్ స్ఫటికాలు ఆరు పలకల స్తంభాలుగా పెరగడానికి ఈ వలయాలే మూలం.

గొలుసు నిర్మాణం గల ఖనిజాలను పైరాక్సీన్లు అంటారు. తూర్పు కనుమలలో విస్తారంగా ఉన్న చార్నొకైట్ శిలకు ప్రత్యేకతను ఇచ్చేది ఒక పైరాక్సీనే. రెండు గొలుసులు పక్కపక్కన చేరి అక్కడక్కడ మూలలను పంచుకుంటే ఆంఫిబోల్ కుటుంబం వస్తుంది. ఈ జంట గొలుసులో సగం చతుర్ముఖులు రెండు మూలలను, మిగిలిన సగం మూడు మూలలను పంచుకుంటాయి. మొదటి వాటికి 3 ఆక్సిజన్లు, రెండవ వాటికి 2.5 వస్తాయి. నాలుగు సిలికాన్లకు మొత్తం 3 + 3 + 2.5 + 2.5 = 11 అవుతుంది. పుస్తకాలలో Si₄O₁₁ అని కనబడే వింత సంఖ్య ఇలా పుట్టినదే.

ఈ రెండు కుటుంబాలను చేతిలో ఉన్న రాతిలోనే గుర్తుపట్టవచ్చు. గొలుసులోని బంధాలు బలమైనవి గనుక ఖనిజం గొలుసులను తెంచుకోకుండా వాటి మధ్య సందులలో చీలుతుంది. ఒంటి గొలుసు ఇరుకైనది. అందువలన పైరాక్సీన్‌లో రెండు చీలిక తలాలు ఇంచుమించు లంబకోణంలో కలుస్తాయి. జంట గొలుసు వెడల్పైనది కనుక ఆంఫిబోల్‌లో ఆ కోణాలు సుమారు 56, 124 డిగ్రీలు. రెండు ఖనిజాలూ నల్లగా ఒకే మాదిరి ఉన్నప్పుడు భూతద్దంతో ఈ కోణం చూడటమే తేలికైన పరీక్ష.

అభ్రకం: ఒక లెక్క

మూడేసి మూలలను పంచుకుంటే అన్ని దిక్కులకూ పరచుకునే చదునైన పొర ఏర్పడుతుంది. ఒక సిలికాన్‌కు 2.5 ఆక్సిజన్లు, అనగా Si₄O₁₀, దాని మీద −4 ఆవేశం. ప్రతి చతుర్ముఖిలోనూ నాలుగవ మూల పొరకు ఒక వైపుకు తిరిగి ఉంటుంది. ఇటువంటి రెండు పొరలు ఆ మూలలు ఎదురెదురుగా ఉండేటట్లు నిలబడి, నడుమ లోహ అయాన్లను, కొన్ని హైడ్రాక్సిల్ (OH) సముదాయాలను ఇరికించుకుంటాయి. రెండు రొట్టెల మధ్య కూర పెట్టినట్లు ఉండే ఈ కట్టను ఒక దొంతర అందాం.

మొదట టాల్క్ సంగతి చూద్దాం. Si₄O₁₀ వలన −4, రెండు హైడ్రాక్సిళ్ళ వలన −2, మొత్తం −6. నడుమ మూడు మెగ్నీషియం అయాన్లు +6 ఇస్తాయి. లెక్క సున్నాకు సరిపోయినది. దొంతరకు పొరుగు దొంతరతో ఆవేశపు అవసరం ఏమీ లేదు కనుక వాటి మధ్య బలహీనమైన ఆకర్షణ మాత్రమే ఉంటుంది. వేలితో రుద్దితే దొంతరలు జారిపోతాయి. బలపపు రాయి నున్నగా, గోటితో గీరితే గీత పడేంత మెత్తగా ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు తెల్ల అభ్రకాన్ని (మస్కొవైట్) తీసుకుందాం. దీనిలో నాలుగు చతుర్ముఖులలో ఒకదాని నడుమ సిలికాన్ బదులు అల్యూమినియం ఉంటుంది. సిలికాన్ +4, అల్యూమినియం +3 గనుక పొర మీద ఋణావేశం ఒకటి పెరిగి −5 అవుతుంది. హైడ్రాక్సిళ్ళతో కలిపి −7. దొంతర నడుమ రెండు అల్యూమినియం అయాన్లు +6 ఇస్తాయి. ఇంకా −1 మిగిలినది. దానిని తీర్చడానికి దొంతరకు, దొంతరకు మధ్య ఒక పొటాషియం అయాను వచ్చి కూర్చుంటుంది. సూత్రం KAl₂(AlSi₃O₁₀)(OH)₂.

పొటాషియం కట్టు టాల్క్‌లోని ఆకర్షణ కంటే బలమైనది గనుక అభ్రకం పొడిగా రాలిపోదు. కాని ఒకే ఆవేశం గల ఆ పెద్ద అయాను పట్టు, పొర లోపలి సిలికాన్-ఆక్సిజన్ బంధాల ముందు చాలా తక్కువ. అందువలన గూడూరు పరిసరాల గనులలో దొరికిన అభ్రకపు దిమ్మెను కత్తిమొనతో విడదీస్తే పుస్తకంలో కాగితాల వలె పలుచని రేకులు లేస్తాయి. ప్రతి రేకూ పొటాషియం ఉన్న తలం వెంబడి చీలినదే. పౌలింగ్ 1930లో అభ్రకాల ఈ నిర్మాణాన్ని వివరించాడు.

పొర నిర్మాణంలో ఒక విచిత్రం కూడా ఉన్నది. పులివెందుల ప్రాంతపు రాతినార క్రిసోటైల్ అనే రకానికి చెందినది. నార కనుక అది గొలుసు సిలికేట్ అనుకోవడం సహజం. నిజానికి అది పొర సిలికేట్. చతుర్ముఖుల పొరకు ఒక వైపున అంటుకున్న మెగ్నీషియం పొర కొంచెం పెద్దది. రెండూ సరిపడక పొర చాప చుట్టినట్లు చుట్టుకుని సన్నని గొట్టం అవుతుంది. క్రొసిడొలైట్ వంటి ఇతర రాతినారలు మాత్రం నిజంగానే జంట గొలుసు ఖనిజాలు.

పలుగురాయి, ఫెల్డ్‌స్పార్

నాలుగు మూలలూ పంచుకుంటే (n = 4) త్రిమితీయ జాలకం వస్తుంది. సూత్రం SiO₂, ఆవేశం సున్నా. ఇదే పలుగురాయి, అనగా క్వార్ట్జ్. దీనిలో తేలికగా విడిపోయే తలం లేదు గనుక గాజు వలె వంకర ముఖాలతో పగులుతుంది. జాలకంలో నాలుగింట ఒక సిలికాన్ బదులు అల్యూమినియం చేరి, ఆ లోటును పొటాషియం భర్తీ చేస్తే ఫెల్డ్‌స్పార్ (KAlSi₃O₈) అవుతుంది. జాలకమైనప్పటికీ ఫెల్డ్‌స్పార్ రెండు దిక్కులలో చక్కగా చీలుతుంది. దాని జాలకంలో బంధాలు అన్ని దిక్కులలోనూ సమానంగా చిక్కగా లేకపోవడమే దీనికి కారణం. తెలంగాణలోని గ్రానైట్ గుట్టల రాతిముక్కను ఎండలో తిప్పి చూస్తే, చదునైన ముఖాలతో తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్, చదును లేకుండా గాజుపెంకులా మెరిసేది పలుగురాయి.

సూత్రాన్ని చదవడంలో పొరపాట్లు

రసాయన సూత్రం చూసి కుటుంబాన్ని నిర్ణయించేటప్పుడు విద్యార్థులు తరచు పొరబడే చోటు అల్యూమినియం. KAlSi₃O₈ లో సిలికాన్లను మాత్రమే లెక్కిస్తే నిష్పత్తి 3:8 వస్తుంది. ఇది ఏ కుటుంబానికీ సరిపోదు. చతుర్ముఖిలో కూర్చున్న అల్యూమినియాన్ని కలిపితే 4:8, అనగా 1:2. కనుక అది జాలకం. మరి అభ్రకంలో మూడు అల్యూమినియాలు ఉన్నాయి గదా అని మూడింటినీ కలిపితే 6:10 అయి మళ్ళీ తప్పుతుంది. వాటిలో చతుర్ముఖిలో ఉన్నది ఒక్కటే. మిగిలిన రెండూ దొంతర నడుమ ఆరేసి ఆక్సిజన్ల మధ్య ఉన్నాయి. హైడ్రాక్సిల్‌లోని ఆక్సిజన్లను కూడా ఈ లెక్కలో చేర్చరాదు.

కయనైట్ (Al₂SiO₅) సూత్రంలో ఒక సిలికాన్‌కు అయిదు ఆక్సిజన్లు కనబడతాయి. చతుర్ముఖికి నాలుగు మూలలే గనుక, అయిదవ ఆక్సిజన్ ఏ సిలికాన్‌తోనూ కలవక అల్యూమినియాలను మాత్రమే అంటిపెట్టుకుని ఉన్నదని అర్థం. అందుచేత ఇది ఒంటరి చతుర్ముఖుల కుటుంబంలో చేరుతుంది.

సరైన లెక్క కూడా అన్నివేళలా చాలదు. వలయంలోనూ ఒంటి గొలుసులోనూ నిష్పత్తి 1:3 మాత్రమే. బెరిల్‌లో ఉన్నది వలయమనీ, డయాప్సైడ్ అనే పైరాక్సీన్‌లో ఉన్నది గొలుసనీ 1920లలో ఎక్స్-కిరణాల పరీక్షల వలననే తేలినది. బెరిల్ నిర్మాణాన్ని 1926లో డబ్ల్యు. ఎల్. బ్రాగ్, జె. వెస్ట్ కనుగొన్నారు. దానిలో బెరీలియం కూడా నాలుగు ఆక్సిజన్ల నడుమనే ఉన్నది గనుక దానిని కూడా లెక్కలో చేర్చి బెరిల్‌ను జాలక సిలికేట్ అనేవారు ఉన్నారు. పాఠ్యపుస్తకాలు ఎక్కువగా వలయమనే చెబుతాయి.

చతుర్ముఖి నియమానికి భూగర్భంలో ఒక హద్దు ఉన్నది. MgSiO₃ అనే సూత్రం భూపటలంలో దొరికే ఎన్‌స్టటైట్ అనే పైరాక్సీన్‌ది. అదే సూత్రం సుమారు 660 కిలోమీటర్ల లోతుకు దిగువన గల బ్రిజ్‌మనైట్‌ది కూడా. అక్కడి పీడనానికి ఆక్సిజన్లు మరింత దగ్గరగా నొక్కుకుని, ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు బదులు ఆరు చేరతాయి. ఆ ఖనిజంలో గొలుసు లేదు, చతుర్ముఖి కూడా లేదు. ఒక ఉల్కలో దొరికిన నమూనా ఆధారంగా దీనికి 2014లో పేరు పెట్టారు.