కోపంగా వచ్చిన మెయిల్‌లో లెక్క ఎక్కడుంది? కువైట్ నుంచి ఒక అనుభవం

కువైట్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్లేవారి ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్కలు వేయడం నా పనిలో ఒక భాగం. అందుకే కోపంతో రాసిన మెయిళ్లు నాకు కొత్త కాదు. కానీ 2025 మార్చిలో, రంజాన్ నెలలో, ఒక గురువారం మధ్యాహ్నం వచ్చిన మెయిల్ మాత్రం మర్చిపోలేను.

రాసింది మన రాయలసీమ వైపు టెక్నీషియన్. ఎనిమిదేళ్లు పని చేసి రాజీనామా ఇచ్చాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి, నాతోపాటు మా మేనేజరుకు, ఇంకో ఐదుగురికి పంపాడు. అందులో ఉన్నది ఇంచుమించు ఇది:

"మీరంతా దొంగలు. ఎనిమిదేళ్లు ఎండలో పని చేయించుకుని నా డబ్బు తిన్నారు. ఎనిమిదేళ్లకు ఎనిమిది నెలల జీతం రావాలని పిల్లాడిని అడిగినా చెబుతాడు. మీరు అందులో కోసి, ఆ కోసినదాంట్లో మళ్లీ కోశారు. తిండి డబ్బులు కూడా మింగారు. తెలుగువాడివై ఉండి తెలుగువాడి గొంతు కోశావు. నేను ఈ కాగితం మీద సంతకం పెట్టను. షూన్‌కు వెళ్తా, నీ సంగతి చూస్తా."

షూన్ అంటే ఇక్కడ మనవాళ్లంతా లేబర్ ఆఫీసుకు వాడే పేరు.

చదవగానే వెంటనే జవాబు టైప్ చేయడం మొదలుపెట్టాను. "మీరు వాడిన భాష బాగాలేదు. నేను రూల్ ప్రకారమే చేశాను. షూన్‌కు వెళ్లాలంటే వెళ్లండి" అని మూడు వాక్యాలు. పంపలేదు. అదృష్టం కొద్దీ ఆఫీసు మూసే టైమైంది. పంపి ఉంటే తప్పు చేసినవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి. ఎందుకో చెబుతాను.

ముందు మెయిల్‌ను కత్తిరించడం

శనివారం ఇంట్లో కూర్చుని ఆ మెయిల్‌ను ఒక కాగితం మీదికి ఎక్కించాను. నా గురించి, కంపెనీ గురించి అన్న మాటలన్నీ కొట్టేశాను. కాగితాలు చూసి అవునో కాదో తేల్చగలిగే మాటలు మాత్రం ఉంచాను. దొంగలు, గొంతు కోశావు, నీ సంగతి చూస్తా, ఇవన్నీ పోయాయి. చివరికి మూడు మిగిలాయి.

ఒకటి, ఎనిమిదేళ్లకు ఎనిమిది నెలల జీతం ఎందుకు రాలేదు? రెండు, వచ్చిన మొత్తంలో మళ్లీ ఎందుకు తగ్గించారు? మూడు, తిండి డబ్బులు లెక్కలో ఎందుకు లేవు?

మొదటిసారి చదివినప్పుడు ఈ మూడోది నాకు ప్రశ్నలాగా కనిపించనేలేదు. "మింగారు" అనే మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. తిట్టు పక్కన ఉన్న నిజం తిట్టులాగే వినిపిస్తుంది. తిట్లకు జవాబు ఇవ్వకూడదని నేను అనుకోవడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు. తిట్టుకు జవాబు వెతికే మనిషికి దాని పక్కన ఉన్న ప్రశ్న కనబడదు.

తర్వాత ఒక్కో ప్రశ్నకు లెక్క

అతని బేసిక్ జీతం నెలకు 260 దినార్లు. ఫుడ్ అలవెన్స్ 26 దినార్లు. సర్వీసు 2017 మార్చి 1 నుంచి 2025 ఫిబ్రవరి 28 వరకు, సరిగ్గా ఎనిమిదేళ్లు. వాడుకోని సెలవులు 22 రోజులు.

కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం, అంటే 2010 నాటి 6వ నంబరు చట్టం, 51వ ఆర్టికల్ ప్రకారం నెల జీతగాళ్లకు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి ఒక నెల జీతం ఇండెమ్నిటీగా వస్తుంది. రోజు జీతం కోసం నెల జీతాన్ని 26తో భాగిస్తారు. అంటే ఎనిమిదేళ్లకు ఎనిమిది నెలలు రావు. ఐదేళ్లకు 75 రోజులు, మిగతా మూడేళ్లకు మూడు నెలలు. మొదటి ప్రశ్నలో పొరపాటు అతనిది.

రెండో ప్రశ్నకు జవాబు 53వ ఆర్టికల్‌లో ఉంది. గడువు లేని కాంట్రాక్టులో ఉన్నవారు తామే రాజీనామా చేస్తే, మూడేళ్లు దాటి ఐదేళ్లలోపు అయితే సగం, ఐదు నుంచి పదేళ్లలోపు అయితే మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితే మొత్తం వస్తుంది. అతనికి ఎనిమిదేళ్లు కాబట్టి మూడింట ఒక వంతు తగ్గింది. కంపెనీయే తీసేస్తే ఈ కోత ఉండదు. "ఊరికే ఒక రాజీనామా రాసివ్వు" అని ఎవరైనా అంటే, ఆ ఒక్క కాగితం ఖరీదు ఎంతో ఇక్కడే తెలుస్తుంది.

ఇక మూడోది. ఇక్కడ తప్పు నాదే. 55వ ఆర్టికల్ ప్రకారం జీతం అంటే బేసిక్ ఒక్కటే కాదు. కాంట్రాక్టులో రాసి ప్రతి నెలా ఇచ్చే అలవెన్సులు కూడా అందులోకే వస్తాయి. నేను వాడిన పాత ఎక్సెల్ షీట్ బేసిక్ మాత్రమే తీసుకుంది. అతని కాంట్రాక్టు తీసి చూస్తే ఫుడ్ అలవెన్స్ స్పష్టంగా రాసి ఉంది. లెక్క 260 మీద కాదు, 286 మీద వేయాలి.

జవాబు

ఆదివారం ఉదయం మేనేజరుతో మాట్లాడి, సవరించిన మొత్తానికి అనుమతి తీసుకున్నాను. ఆ తర్వాతే జవాబు రాశాను. తెలుగులోనే రాశాను. మేనేజరుకు విడిగా ఇంగ్లీషులో పంపాను.

"…గారికి నమస్తే. మీ సెటిల్‌మెంట్‌లో ఫుడ్ అలవెన్స్ కలపకపోవడం తప్పు. అది నా లెక్కలో జరిగింది. సరిచేశాం. మీకు ఇంకా 124 దినార్లు రావాలి.

కొత్త లెక్క: నెలకు 286, రోజుకు 11 దినార్లు. మొదటి ఐదేళ్లకు 75 రోజులు, 825. తర్వాతి మూడేళ్లకు మూడు నెలలు, 858. మొత్తం 1683. రాజీనామా కాబట్టి 53వ ఆర్టికల్ ప్రకారం మూడింట రెండు వంతులు, 1122. సెలవులు 22 రోజులు, 242. అన్నీ కలిపి 1364. ముందు కాగితంలో 1240 అని ఉంది.

ఏడాదికి నెల జీతం అనేది ఆరో ఏడాది నుంచే లెక్కకు వస్తుంది. మొదటి ఐదేళ్లకు 15 రోజులే. అందుకే ఎనిమిది నెలల జీతం రాలేదు. 51, 53, 55 ఆర్టికల్స్ ఉన్న పేజీలు జత చేశాను.

పాత కాగితం మీద సంతకం పెట్టవద్దు. కొత్తది బుధవారం సిద్ధంగా ఉంటుంది. ఈ లెక్కలో మీకు తేడా కనిపిస్తే ఏ లైనులో ఉందో చెప్పండి, చూస్తాను. జీతం వివరాలు కాబట్టి మేనేజరును తప్ప మిగతావారిని ఈ మెయిల్ నుంచి తీసేశాను."

ఇందులో లేనివి ఏమిటో కూడా చూడండి. "మీ మెయిల్ చూసి బాధపడ్డాను" లేదు. "కోపం తగ్గించుకోండి" లేదు. షూన్ బెదిరింపుకు జవాబు లేదు. అక్కడికి వెళ్లడం అతని హక్కు, అందులో నేను చెప్పడానికేమీ లేదు. తెలుగువాడి గురించి అన్న మాటకూ జవాబు లేదు. నిజం చెప్పాలంటే నన్ను అన్నిటికన్నా ఎక్కువ గుచ్చింది ఆ మాటే. కానీ దానికి ఒక్క వాక్యం రాసినా అతను తర్వాతి మెయిల్‌లో ఆ వాక్యానికే జవాబు ఇచ్చేవాడు, 1683 ఎలా వచ్చిందో చదివేవాడు కాదు.

ఇంకో సంగతి. అతిగా తియ్యగా రాయడం కూడా ఒక రకంగా అతని కోపానికి జవాబు ఇవ్వడమే. "మీ సహనానికి ధన్యవాదాలు" అని రాస్తే, సహనం చూపనివాడికి అది వెక్కిరింపులా తగులుతుంది. మామూలు రోజున మామూలు మనిషికి ఎలా రాస్తామో అలా రాస్తే చాలు.

తప్పు ఒప్పుకున్న వాక్యాన్ని మొదట పెట్టాను. చివర పెట్టి ఉంటే, కోత గురించిన చట్టమంతా చదివేలోపే అతను మెయిల్ మూసేసేవాడు. అయితే ఆ ఒప్పుకోలు సరిగ్గా తప్పు ఉన్నంతవరకే. "ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించండి" అని అన్నిటికీ కలిపి చెబితే మూడింట ఒక వంతు కోత కూడా తప్పే అనుకునే అవకాశం ఉంది.

ఇది పనికిరాని చోట్లు

కత్తిరించిన తర్వాత ఏమీ మిగలని మెయిళ్లు కూడా వస్తాయి. అప్పుడు ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఏ నెల, ఎంత తక్కువ వచ్చింది?" జవాబు వస్తే పని మొదలవుతుంది. మళ్లీ తిట్లే వస్తే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. లెక్క చెప్పాక కూడా అదే మాట కొత్త తిట్లతో తిరిగి వస్తే, "ఆదివారం పంపిన లెక్కలో మార్పు లేదు" అని ఒకసారి చెప్పి ఆపేస్తాను.

కొడతాననో చంపుతాననో బెదిరిస్తే, ఆడవాళ్లనో కులాన్నో అంటే, అది టోన్ కాదు, అదే విషయం. దానికి నేను జవాబు రాయను. మెయిల్ చెరపకుండా ఉంచి పైవాళ్లకు ఇస్తాను. మనం తిరిగి తిట్టడం మాత్రం అస్సలు వద్దు. కువైట్‌లో ఫోన్ ద్వారా, ఇంటర్నెట్ ద్వారా తిట్టడం పోలీసు కేసు దాకా వెళ్తుంది. ముందు ఎవరు మొదలుపెట్టారన్నది అప్పుడు మనల్ని కాపాడదు.

ఇటువైపు ఉండి మెయిల్ రాసేవారికి కూడా ఒక మాట. మీ కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ అకౌంట్స్‌లో కూర్చున్న ప్రతివాడూ కాగితం తీసుకుని కత్తిరించడు. "ఫుడ్ అలవెన్స్ 26 దినార్లు లెక్కలో లేదు, కాంట్రాక్టు జత చేశాను" అని ఒక్క లైను రాస్తే తప్పించుకునే దారి ఉండదు.

మంగళవారం అతని జవాబు వచ్చింది. క్షమాపణ లేదు, తిట్టూ లేదు. "లెక్క అర్థమైంది. బుధవారం ఎన్ని గంటలకు రావాలి?" అంతే.

ఆ వారమే ఆ ఎక్సెల్ షీట్‌తో వేసిన గత ఏడాది సెటిల్‌మెంట్లన్నీ తీసి చూశాను. ఇంకో ఇద్దరికి అలవెన్స్ కలపలేదు. ఇద్దరూ అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. ఇద్దరూ మర్యాదగా సంతకం పెట్టి, ఒక్క మెయిల్ కూడా రాయకుండా వెళ్లినవారే. వాళ్ల డబ్బు వాళ్ల ఖాతాలకు పంపించాం.