షుగర్ తగ్గిస్తుందంటే ప్రకటన ఎందుకు ఆగిపోతుంది?

చిరుధాన్యాల మిక్స్ తయారుచేసే చిన్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినం కాబట్టి, ఆ వారం అమ్మకాల కోసం ఫేస్‌బుక్‌లో ఇలా ప్రకటన పెట్టింది: ‘మీకు షుగర్ ఉందా? మా మిక్స్ తాగితే 90 రోజుల్లో మాయం!’ అది తిరస్కరణకు గురైంది.

ఇందులో తప్పులు రెండు. మొదటిది ‘మీకు షుగర్ ఉందా?’ అన్న ప్రశ్న. చూసేవారి జబ్బు తమకు తెలిసినట్టు మాట్లాడే ప్రకటనలను మెటా ఒప్పుకోదు. రెండోది ‘90 రోజుల్లో మాయం’. ఇది మెటా నిబంధనలతో ఆగే సమస్య కాదు. ఆహార పదార్థం రోగాన్ని నయం చేస్తుందని చెప్పడం 2018 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమాల ప్రకారం కుదరదు. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు రూ.10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఆయుర్వేద మందని పేరు మార్చినా గట్టెక్కలేరు. 1954 నాటి చట్టం మందుల ప్రకటనల్లో నయం చేస్తామని చెప్పకూడదన్న 54 జబ్బుల జాబితాలో మధుమేహం ఉంది. మొదటిసారి నేరం రుజువైతే 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ప్రకటన పొరపాటున ఆమోదం పొందినా ఈ బాధ్యత తప్పదు.

మరి ఏం చెప్పొచ్చు? కొలిచి చూపగలిగింది చెప్పొచ్చు. ఘన ఆహారంలో 100 గ్రాములకు కనీసం 3 గ్రాముల పీచు ఉంటే ‘పీచు లభిస్తుంది’ అనవచ్చు. ‘పీచు అధికం’ అనాలంటే 6 గ్రాములు కావాలి. ల్యాబ్ నివేదికలో 7 గ్రాములు వచ్చిందనుకుంటే, ప్రకటన ఇలా మారుతుంది: ‘కొర్ర, రాగి, పెసర కలిపిన మిక్స్. 100 గ్రాముల్లో 7 గ్రాముల పీచు.’

ఇక్కడే చాలామంది ఒకటి మరిచిపోతారు. ప్రకటన మార్చినా, నొక్కితే తెరుచుకునే పేజీలో ‘షుగర్‌కు చెక్’ అని పాత బ్యానరో, గ్లూకోమీటర్ రీడింగులతో కస్టమర్ల ఫొటోలో ఉండిపోతే మళ్లీ ఆగుతుంది. పరిశీలన ఆ పేజీ దాకా వెళ్తుంది.

తిరస్కరణ రాగానే, అందులో పేర్కొన్న నిబంధనను చదవాలి. ఆరోపణ తప్పనిపిస్తే Request review నొక్కాలి. నిజమైతే ప్రకటననూ పేజీనీ సరిదిద్ది పంపాలి. అదే ప్రకటనను కాపీ చేసి మళ్లీమళ్లీ పెడితే, ఉల్లంఘనలు పేరుకుని మొత్తం ఖాతాపైనే ఆంక్షలు పడవచ్చు.

పరిశీలన సాధారణంగా 24 గంటల్లో ముగుస్తుంది, ఒక్కోసారి ఎక్కువ పడుతుంది. ప్రకటనలోని మాటలు, చిత్రాలు మార్చిన ప్రతిసారీ మళ్లీ పరిశీలన తప్పదు. అందుకే నవంబరు 14 లక్ష్యమైతే, 6నే పంపాలి. ఒక తిరస్కరణ, ఒక సవరణ, మరో పరిశీలనకు ఆ వ్యవధి సరిపోతుంది. ల్యాబ్ నివేదిక మాత్రం అంతకు ముందే చేతిలో ఉండాలి. ప్రకటనలో రాసే అంకెకు ఆధారం అదే.