బిట్లు పెరిగాయి, మార్కులు తగ్గాయి

బైపీసీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. నీట్‌కి సిద్ధమవుతోంది. నెల కిందటి గ్రాండ్ టెస్టులో 180 బిట్లకు 150 రాసింది. వాటిలో 125 ఒప్పు, 25 తప్పు. 475 మార్కులు వచ్చాయి. ముప్పై బిట్లు వదిలేసిందని ఇంట్లోనూ కాలేజీలోనూ అందరూ ‘స్పీడు పెంచు’ అన్నారు. నెలరోజులు రోజూ గడియారం ముందు పెట్టుకుని సాధన చేసింది. ఈసారి 172 రాసింది. 128 ఒప్పు, 44 తప్పు. మార్కులు 468.

ఇరవై రెండు బిట్లు ఎక్కువ రాస్తే ఒప్పులు మూడే పెరిగాయి, తప్పులు పందొమ్మిది పెరిగాయి. మొత్తం మీద ఏడు మార్కులు పోయాయి. ఈ అమ్మాయి కల్పితమే గానీ, ఇలాంటి మార్కుల కాగితం పట్టుకుని తల పట్టుకునే పిల్లలు ప్రతి కోచింగ్ సెంటర్లోనూ కనిపిస్తారు.

నీట్‌లో 180 నిమిషాల్లో 180 బిట్లు. భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45, జీవశాస్త్రం 90. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత, వదిలేస్తే సున్నా. నెగెటివ్ మార్కు అనగానే చాలామందికి భయం ఊహించి రాయడం మీదే ఉంటుంది. లెక్క వేసి చూస్తే ఆ భయం కొంత తప్పు చోట ఉందని తెలుస్తుంది. ఏమీ తెలియని నాలుగు బిట్లకు గుడ్డిగా జవాబు పెడితే సగటున ఒకటి ఒప్పవుతుంది, మూడు తప్పవుతాయి. నాలుగు మార్కులు వచ్చి మూడు పోతాయి. నాలుగు బిట్ల మీద మిగిలేది ఒక్క మార్కు. లాభం నామమాత్రం, నష్టమూ లేదు. అదే తెలిసిన బిట్టు తొందరలో తప్పితే రావాల్సిన నాలుగు పోతాయి, పైన ఒకటి కోత పడుతుంది. అంటే ఒక్క బిట్టుకి ఐదు మార్కుల తేడా.

గుడ్డి ఊహకి ఉన్న ఆ నామమాత్రపు లాభం కూడా ప్రతిసారీ దక్కదు. పేపరు తయారుచేసేవాళ్లు తప్పు ఆప్షన్లను ఊరికే పెట్టరు. బంతిని పైకి విసిరే వేగం రెట్టింపైతే అది చేరే గరిష్ఠ ఎత్తు ఎన్ని రెట్లవుతుంది? ఎత్తు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నాలుగు రెట్లు. ‘రెండు రెట్లు’ అన్న ఆప్షన్ మాత్రం తప్పకుండా ఉంటుంది. వర్గం మరిచినవాళ్లు, పూర్తిగా చదవకుండా గీసేవాళ్లు దాని మీదే పడతారు. అలాంటి చోట ఊహ నాలుగింట ఒకటి కూడా నిజం కాదు. నీట్ లెక్కలో ఊహలు ఐదింట ఒకటి కన్నా తక్కువ ఒప్పవుతుంటే రాయడం నష్టమే.

కాబట్టి మార్కులు ఎక్కడ పోతున్నాయో ముందు తెలియాలి. అందుకు సులువైన పద్ధతి ఒకటుంది. ప్రాక్టీసు టెస్టు రాసేటప్పుడే ప్రతి జవాబు పక్కన ఒక అక్షరం వేసుకోవాలి. కచ్చితంగా తెలిస్తే ‘తె’, రెండు ఆప్షన్లు కొట్టేసి మిగతా రెండింట్లో ఒకటి ఎంచుకుంటే ‘రెం’, ఏమీ తెలియకపోతే ‘ఊ’. ఈ గుర్తు పరీక్ష మధ్యలోనే పడాలి. కీ చూశాక వేస్తే తప్పయినవన్నీ ‘అసలు తెలియనివే’ అనిపిస్తాయి.

మన అమ్మాయి 172 బిట్లను ఇలా విడగొడితే అసలు సంగతి బయటపడింది. ‘ఊ’ గుర్తు ఉన్నవి 18. వాటిలో నాలుగు ఒప్పు, పద్నాలుగు తప్పు, మిగిలింది రెండు మార్కులు. ‘రెం’ గుర్తు ఉన్నవి 24. సగం ఒప్పు, సగం తప్పు, మిగిలింది 36 మార్కులు. రెండింట్లో ఒకటి అన్నంత దాకా వచ్చిన బిట్టును వదలకూడదన్న మాట. ‘తె’ గుర్తు ఉన్నవి 130. అందులో 18 తప్పు! తెలుసనుకున్నవాటిలోనే దాదాపు ఏడింట ఒకటి పోయింది.

ఆ పద్దెనిమిదిని మళ్లీ చూస్తే ఏడు ప్రశ్న సరిగా చదవనివి. ‘సరికానిది ఏది’ అన్నచోట సరైనది గుర్తించింది. ఆరు భౌతికశాస్త్రంలో చివరి అరగంటలో చేసిన లెక్కలు. పద్ధతి తెలుసు, గుణకారమో యూనిట్లో తప్పింది. మిగిలిన ఐదు నిజంగా తప్పుగా గుర్తున్నవి. మొదటి పదమూడు దిద్దుకుంటే చాలు, ఒక్కోదానికి ఐదు చొప్పున 65 మార్కులు. అంటే 468 కాస్తా 533 అవుతుంది. కొత్త పాఠం ఒక్కటీ చదవక్కర్లేదు.

మూడు రకాల తప్పులకు మందు ఒకటే కాదు. తప్పుగా గుర్తున్నవాటికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆ పేరా దగ్గరికి వెళ్లాలి. ప్రశ్న సరిగా చదవని తప్పులకు ‘కాదు’, ‘సరికానిది’, ‘మినహా’ లాంటి మాటల కింద గీత గీసే అలవాటు కావాలి. అది గడియారం లేకుండా, ముప్పై బిట్లు నింపాదిగా చేసినప్పుడే చేతికి వస్తుంది. లెక్కల తప్పులది సమయం సమస్య. భౌతికశాస్త్రానికి వేగం నేర్పడం కన్నా దానికి ఎక్కువ నిమిషాలు మిగల్చడం మేలు.

ఆ నిమిషాలు జీవశాస్త్రం నుంచి రావాలి. స్పీడు సాధన బాగా పనికొచ్చేది అక్కడే. ఎక్కువ బిట్లు గుర్తున్నాయా లేదా అన్నవే కాబట్టి, 90 బిట్లను 45 నిమిషాల్లో ముగించడం సాధనతో కుదురుతుంది. రసాయనశాస్త్రానికి 50, భౌతికశాస్త్రానికి 60 ఇచ్చినా పాతిక నిమిషాలు మిగులుతాయి. వదిలిన బిట్లను మళ్లీ చూడటానికీ, బబ్లింగ్‌కీ అవి కావాలి. ఒక్కో బబుల్‌కి ఐదు సెకన్లు పట్టినా 180కి పావుగంట. పెన్నుతో నింపాక దిద్దుకునే వీలు లేదు. ఒక బిట్టు వదిలి తర్వాతి జవాబును దాని వరుసలో నింపితే అక్కడి నుంచి అన్నీ జారిపోతాయి. పేజీ ముగిసినప్పుడల్లా నంబరు సరిచూసుకుంటూ నింపితే ఆ ప్రమాదం తప్పుతుంది.

స్పీడు ఎప్పుడు పెంచాలి? ‘తె’ గుర్తు ఉన్నవాటిలో వందకి 95 ఒప్పయ్యాకే. మన అమ్మాయికి అది 86 మాత్రమే. ముప్పై బిట్లు ముప్పై నిమిషాల్లో చేసి, ‘తె’లో ఒకటికి మించి తప్పు లేకపోతే తర్వాతి సెట్టుకి 26 నిమిషాలు, ఆపైన 23. తప్పులు పెరిగితే పాత సమయానికి వెనక్కి రావాలి. పరీక్షకు రెండు నెలలు ఉంటే వారంలో నాలుగు రోజులు గడియారం లేని సాధన, రెండు రోజులు స్పీడు సెట్లు, ఒక రోజు పూర్తి టెస్టు. చివరి మూడు వారాల్లో పూర్తి టెస్టులు పెరుగుతాయి. గోడ మీద రాసుకోవాల్సింది ఒక్క స్కోరు కాదు. రాసినవి, ఒప్పయినవి, ‘తె’లో తప్పయినవి, మూడూ ఉండాలి. మొదటిది పెరుగుతూ రెండోది కదలకపోతే స్పీడు దారి తప్పిందని అర్థం.

ఈ లెక్క పరీక్ష మారితే మారుతుంది. సివిల్స్ ప్రిలిమ్స్‌లో ఒప్పుకి వచ్చే మార్కులో మూడో వంతు తప్పుకి కోత. అక్కడ నాలుగింట ఒకటి ఒప్పయినా మిగిలేది సున్నా. కనీసం ఒక ఆప్షన్ అయినా కొట్టేయలేకపోతే రాయడం వల్ల లాభమే లేదు. నీట్‌కి కొద్ది రోజుల తేడాతో మన అమ్మాయే అగ్రికల్చర్, ఫార్మసీ సీట్ల కోసం ఈఏపీసెట్ రాస్తుంది. మూడు గంటలు, 160 బిట్లు, నెగెటివ్ మార్కు లేదు. వదిలే అలవాటును ఆ రోజు ఇంట్లోనే ఉంచి రావాలి. చివరి ఐదు నిమిషాల్లో స్క్రీన్ మీద జవాబు పెట్టనివి ఏవో చూసి, ‘ఊ’ బిట్లతో సహా అన్నీ నింపాకే లేవాలి.