జవాబుల ఫోటో ఎప్పుడు తెరవాలి?

వర్క్‌షీట్ జవాబులను ఫోటో తీసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడం చాలా బడుల్లో మామూలైపోయింది. కింద ‘జవాబులు పంపాను, సరిచూసుకోండి’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఎలా సరిచూసుకోవాలో ఉండదు. దాంతో పిల్లలు ఫోన్ పక్కన పెట్టుకుని జవాబులు నోట్సులోకి ఎక్కించేస్తారు. పదో తరగతి లెక్కల వర్క్‌షీట్‌కైతే క్లాస్ టీచర్ నోటీసు ఇలా ఉండాలంటాను:

‘పిల్లలూ, లెక్క మొత్తం చేశాకే ఫోటో తెరవండి. ముందు చివరి జవాబు ఒక్కటే చూడండి. కలవకపోతే పైనుంచి ఒక్కో వరుస పోల్చండి. మొదట ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ గీత గీసి, ఫోటో మూసేసి, అక్కడినుంచి మళ్లీ మీరే చేయండి. తప్పును చెరపకండి, రేపు నాకు చూపించండి.’

ఇందులో అసలు పట్టు ‘మొదటి తేడా’లో ఉంది. 2x² − 5x − 3 = 0 తీసుకుందాం. ఒక అమ్మాయికి 3, 1/2 వచ్చాయి. ఫోటోలో 3, −1/2 ఉన్నాయి. మధ్య పదాన్ని −6x + x గా విడగొట్టడం కలిసింది. (x − 3)(2x + 1) = 0 కూడా కలిసింది. తేడా ఆ తర్వాతి వరుసలోనే: 2x + 1 = 0 నుంచి ఒకటిని అటువైపు తీసుకెళ్లేటప్పుడు గుర్తు మార్చలేదు. అంటే ఈ అమ్మాయికి కారణాంకాలు వచ్చు. ఆమె సాధన చేయాల్సింది 2x + 1 = 0, 3x + 2 = 0 లాంటి చిన్న సమీకరణాలు. లెక్కంతా కొట్టేసి ఫోటో చూసి దించుకుంటే ఈ సంగతి ఆమెకూ తెలియదు, టీచరుకూ తెలియదు.

ఫోటో మూసేయమనడానికీ కారణముంది. రోడిగర్, కార్పిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అది గద్యపాఠం మీద జరిగిన ప్రయోగమే అయినా, చూసినప్పుడు ‘నాకొచ్చు’ అనిపించడం వేరు, రావడం వేరు అన్నది లెక్కల్లోనూ రోజూ కనిపిస్తుంది. అందుకే గీత గీసిన లెక్కను రెండు రోజులాగి తెల్లకాగితం మీద మళ్లీ చేయాలి.

ఫోటోనూ గుడ్డిగా నమ్మకూడదు. వెలుతురు చాలకపోతే మైనస్ గుర్తు కనబడదు. టీచరు తొందరలో పొరబడవచ్చు కూడా. అనుమానమొస్తే విలువను సమీకరణంలో పెట్టి చూడాలి. x = −1/2 పెడితే 1/2 + 5/2 − 3, సరిగ్గా సున్నా. 1/2 పెడితే −5 వస్తుంది.

ఇక సూత్రంతో చేసిన అబ్బాయి వరుసలు ఫోటోతో కలవవు. అతను 25 + 24 = 49, దాని వర్గమూలం 7, (5 ± 7)/4 అని వెళ్లి 3, −1/2 దగ్గరికే చేరతాడు. చివరి జవాబు ముందు చూడమన్నది ఇందుకే. జ్యామితి నిరూపణల్లో ఈ వెసులుబాటు ఉండదు. చేరాల్సిన చోటు ప్రశ్నలోనే ఉంటుంది, దారులేమో చాలా. అక్కడ ఫోటోతో కలవని నిరూపణను కొట్టేయకుండా నోట్సుతో సహా టీచరు దగ్గరికి తీసుకెళ్లాలి.